అతుక్కుపోయిన ట్యూబ్‌లెస్ టైరును రిమ్ము నుంచి విడదీయడం

ప్రశ్న: బైకు ట్యూబ్‌లెస్ టైరు రిమ్ముకు అతుక్కుపోయింది. గాలంతా తీసేసి ఎంత తొక్కినా ఊడటం లేదు. ఇంట్లోనే ఊడదీసే దారి ఉందా?

ఉంది. ముందు చేతిలో ఉన్న ఇనుప కడ్డీలు పక్కన పెట్టండి. అవి టైరు అంచు రిమ్ము నుంచి కిందికి దిగాక టైరును బయటికి తీయడానికే. అతుక్కున్న అంచు కిందికి కడ్డీ దూర్చి సుత్తితో కొడితే రబ్బరు చిరుగుతుంది, అల్లాయ్ రిమ్ము సొట్ట పడుతుంది. హనుమకొండ నుంచి పరకాల వెళ్లే దారిలో ఒక పంచరు దుకాణంలో నా బండికి సరిగ్గా ఇదే జరిగింది. కొత్త టైరు వేయించినా, ఆ సొట్ట దగ్గర వారానికోసారి గాలి దిగిపోయేది.

అందుకే పరకాలలో మా బావమరిది బండికి ఇదే ఇబ్బంది వచ్చినప్పుడు దుకాణానికి తీసుకెళ్లనివ్వలేదు. ఆ బండి వానాకాలమంతా గాలి లేని వెనుక టైరుతో పెరట్లోనే నిలబడి ఉంది. చక్రం విప్పి, వాల్వు లోపలి పిన్ను కూడా తీసేశాం. ఇద్దరం ఎక్కి తొక్కినా టైరు కుంగడం, మళ్లీ పైకి లేవడం తప్ప ఏమీ జరగలేదు. ‘బావా, ఇది జన్మలో ఊడదు’ అన్నాడు వాడు.

మేము తొక్కిన చోటే తప్పు. టైరు పక్కగోడ మధ్యలో తొక్కితే రబ్బరు వంగుతుందే తప్ప, బరువు అంచు దాకా చేరదు. ట్యూబ్‌లెస్ రిమ్ములో అంచు కూర్చునే చోటు పక్కనే చిన్న ఉబ్బు ఉంటుంది. గాలి తగ్గినా టైరు జారిపోకుండా ఉండటానికి పెట్టిన ఉబ్బు అది. అంచు దాన్ని దాటి రిమ్ము మధ్య పల్లంలోకి దిగాలి. పైగా తేమకు అల్యూమినియం తెల్లగా పొడిబారి రబ్బరును పట్టేసుకుంటుంది. అంత బిగువు విడవాలంటే బరువంతా రిమ్ము అంచుకు ఒక వేలెడు దూరంలోనే, తక్కువ చోటులో పడాలి.

దానికి నా బండి సైడు స్టాండు వాడాను. చక్రాన్ని రెండు చెక్కదిమ్మల మీద, బ్రేకు డిస్కు నేలకు తగలకుండా పడుకోబెట్టాం. సబ్బు నీళ్లు రిమ్ముకూ రబ్బరుకూ మధ్య సందులో చుట్టూ పోసి, పావుగంట ఎండలో ఉంచాం. ఎండకు రబ్బరు మెత్తబడుతుంది. తరువాత స్టాండు పాదాన్ని రిమ్ము అంచు పక్కనే రబ్బరు మీద ఆనించి, బండిని మెల్లగా దాని మీదికి ఒరిగించాను. బావమరిది అవతలి వైపు నుంచి బండిని పట్టుకున్నాడు. ఆ మనిషి తప్పనిసరి, స్టాండు జారితే బండి మీద పడుతుంది.

మొదటి రెండుసార్లు కదల్లేదు. అక్కడే మళ్లీ సబ్బు నీళ్లు పోసి మూడోసారి ఒరిగిస్తే ‘ఫట్’మని చప్పుడై, బెత్తెడు మేర అంచు కిందికి దిగింది. బండిని లేపాక కూడా రబ్బరు పైకి రాలేదు, సందులో వేలు పట్టింది. ఊడిందనడానికి గుర్తు అదే. ఆ సందులో మరికొంచెం సబ్బు నీళ్లు పోసి, బెత్తెడు పక్కకు జరిగి మళ్లీ ఒరిగించాను. ఇలా ఐదారు చోట్ల చేసేసరికి ఆ వైపంతా విడిపోయింది. చక్రం తిరగేసి రెండో వైపు కూడా ఇలాగే చేయాలి. ఒక వైపే విడదీసి, టైరు ఎందుకు రావడం లేదని కడ్డీలతో కుస్తీ పట్టేవాళ్లను చాలామందిని చూశాను.

సబ్బు నీళ్ల బదులు డీజిలు పోయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. డీజిలుకు రబ్బరు ఉబ్బి పాడవుతుంది. మంట పెట్టడం అంతకన్నా ప్రమాదం.

టైరు బయటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. మా వాడి రిమ్ములో అంచు కూర్చునే చోట తెల్లటి పొడి పొరలు కట్టి ఉంది. సన్నటి ఎమరీ కాగితంతో చేతికి నునుపు తగిలేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచాం. ఈ పొర వల్లే చాలా బండ్లకు పంచరు లేకుండానే గాలి దిగుతుంది. జనం మాత్రం టైరును తిట్టుకుంటూ పంచరు ద్రవం పోయిస్తారు, అది ఎండి లోపల మరో పొర కడుతుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు అంచులకు మళ్లీ సబ్బు నీళ్లు రాసి గాలి పట్టండి. రెండుసార్లు ‘టప్’మంటుంది. టైరు గోడ మీద రిమ్ము పక్కనే సన్నటి గీత ఒకటి ఉంటుంది. అది రిమ్ముకు చుట్టూ ఒకే దూరంలో కనిపిస్తే అంచు సరిగ్గా కూర్చున్నట్టు. ఒకచోట గీత లోపలికి పోయి ఉంటే గాలి తీసేసి, అక్కడ సబ్బు రాసి మళ్లీ పట్టాలి. అంతేగానీ టైరు మీద రాసిన హద్దు దాటి గాలి నింపకూడదు.

ఈ పద్ధతి బైకులకే. లారీ చక్రాల జోలికి ఇంట్లో వెళ్లకండి. నాలుగైదు చోట్ల ప్రయత్నించినా మీ టైరు కదలకపోతే, అంచును నొక్కి విడదీసే యంత్రం ఉన్న దుకాణానికే తీసుకెళ్లండి.