కాలర్ మైక్‌కి ఫోమ్ పెట్టినా గాలి హోరు పోవట్లేదా?

ప్రశ్న: సార్, నేను ఫోన్‌కి కాలర్ మైక్ పెట్టుకుని బయట నిలబడి వీడియోలు తీస్తుంటా. మైక్‌తో వచ్చిన ఫోమ్ క్యాప్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది, అయినా కాస్త గాలి వీస్తే చాలు బుడబుడమని హోరు, మాట వినపడట్లేదు. మైక్ చొక్కా లోపల పెట్టి చూశా, గాలి తగ్గింది గానీ కరకరమని బట్ట రాసుకునే సౌండ్ మొదలైంది, పైగా ఫోమ్ లోపలెందుకని తీసేశా. ఏం చేయాలి?

జవాబు: ఆ ఫోమ్ తీయడం దగ్గరే తేడా కొట్టింది. ఫోమ్‌తో సహా మైక్‌ని చొక్కా లోపల పెట్టి, బట్టా మైకూ విడివిడిగా కదలకుండా టేప్ వేసేయండి, మీరు చెప్పిన రెండు సమస్యలూ చాలావరకు పోతాయి. ఎందుకో తెలిస్తే మీ బట్టలకి తగ్గట్టు మీరే మార్చుకోవచ్చు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

బండి మీద స్పీడుగా వెళ్తుంటే చెవుల్లో హోరుమంటుంది కదా, అక్కడ బయట అలా మోగేది ఏదీ ఉండదు, గాలి చెవి అంచులకి తగిలి సుడులు తిరిగి ఆ హోరు చెవి దగ్గరే పుడుతుంది. మైక్‌కి జరిగేదీ ఇదే. లోపల ఉన్న పల్చటి పొర మన మాటకి కదిలేది చాలా కొంచెం, సుడిగాలి ఒత్తిడికి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఊగుతుంది, అందుకే మాట కింద పడి హోరు పైకొస్తుంది. గాలిని మైక్ దాకా రాకుండా ఆపాలి, అలాగని మాటని ఆపకూడదు, విషయమంతా ఇదే.

ఫోమ్ చేసేది కూడా అదే పని, సన్నటి రంధ్రాల్లోంచి మాట దూరుతుంది, గాలి మాత్రం ఆ రంధ్రాల్లో నెమ్మదిస్తుంది. కానీ ఎంత బాగా ఆపుతుందనేది దాని మందం మీద ఉంటుంది, ఫోమ్ పైభాగానికీ మైక్ మూతికీ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే అంత మంచిది. కాలర్ మైక్‌తో వచ్చే ఫోమ్‌లో ఆ దూరం కొన్ని మిల్లీమీటర్లే. మనం ప, బ, ఫ, భ పలికినప్పుడు వచ్చే ఊపిరి దెబ్బకీ, గదిలో ఫ్యాన్ గాలికీ అది సరిపోతుంది, బయట ఆకులు బాగా కదిలే గాలి వచ్చిందంటే ఆ చిన్న ఫోమ్ ఒక్కటీ నిలబడలేదు. మీ ఫోమ్‌లో లోపమేం లేదు, దానికి ముందు ఇంకో అడ్డు కావాలంతే.

ఆ అడ్డే చొక్కా. గాలి ముందు బట్టకి తగిలి చాలావరకు అక్కడే ఆగిపోతుంది, లోపలికొచ్చిన కొంచెం ఫోమ్‌లో ఆగుతుంది. ఇక్కడ ఫోమ్‌కి ఇంకో పెద్ద పని ఉంది, బట్టని మైక్ మూతికి తగలకుండా ఎడంగా ఉంచుతుంది. మీరు ఫోమ్ తీసేసరికి బట్ట నేరుగా మూతి మీద రాసుకుంది, ఆ కరకర అదే.

ఇక ఎలా పెట్టాలో చెప్తా. మీరు చొక్కా అన్నారు కాబట్టి గుండీల చొక్కానే తీసుకుందాం, లోపల బనియన్ ఉందనుకుందాం. మైక్ పెట్టే చోటు ఛాతీ మధ్యలో, వేలితో నొక్కితే ఎముక గట్టిగా తగిలే దగ్గర, గడ్డం నుంచి సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు కిందకి. చాలా చొక్కాలకి అది రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య వస్తుంది. మెడకి మరీ దగ్గరగా పెట్టకండి, తల తిప్పినప్పుడల్లా గొంతు పెరిగి తగ్గినట్టు వినిపిస్తుంది, గడ్డం నీడ కూడా పడి మాట మూసుకుపోయినట్టుంటుంది.

క్లిప్ తీసేయండి, లోపల దాంతో పనిలేదు, పైగా అదే బట్టకి తగిలి టకటకమంటుంది. మెడికల్ షాపులో దొరికే పేపర్ టేప్ తీసుకుని, అంగుళం వెడల్పుది అయితే బాగుంటుంది, ఓ పది సెంటీమీటర్ల ముక్క కత్తిరించి జిగురు బయటికి ఉండేలా మడుస్తూ మడుస్తూ చిన్న త్రికోణం చేయండి, అన్నివైపులా అంటుకునే ముద్దలాగా తయారవుతుంది. ఇలాంటివి రెండు చేయండి. మైక్ మెడ భాగాన్ని, అంటే ఫోమ్ కిందుండే లోహపు గొట్టాన్ని ఈ రెండిటి మధ్య పెట్టి నొక్కండి, ఫోమ్ మాత్రం పూర్తిగా బయటే ఉండాలి, టేప్ కొంచెం కూడా ఫోమ్ మీదకి రాకూడదు, వచ్చిందంటే మాట వెళ్ళే దారి మూసేసినట్టే. ఇప్పుడు ఒక పక్క బనియన్‌కి అంటించి, రెండో పక్క మీద చొక్కా లోపలి వైపు వచ్చేలా పెట్టి బయటినుంచి వేలితో గట్టిగా నొక్కండి. బనియన్, మైక్, చొక్కా మూడూ ఒకటైపోయి ఒకేసారి కదుల్తాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి రాసుకోవడం ఉండదు. ఒక్క పక్కే టేప్ వేసి వదిలేసే వాళ్ళే ఎక్కువ, రెండో పక్క బట్ట స్వేచ్ఛగా ఊగుతూ ఉంటుంది కాబట్టి వాళ్ళకి కరకర అలాగే మిగిలిపోతుంది.

తర్వాత వైర్. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ బట్ట సౌండ్ అనుకునే దాంట్లో కొంత వైర్‌దే ఉంటుంది, వైర్‌ని కింద ఎక్కడ లాగినా, గీరినా ఆ కదలిక వైర్ వెంట పైకి పాకి మైక్ దాకా వచ్చేస్తుంది. మైక్‌కి కొంచెం కిందగా వైర్‌ని రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద చుట్ట ఒకటి చుట్టి, ఆ చుట్టని టేప్‌తో బనియన్‌కి అంటించండి. కింద వైర్ లాగితే ఆ చుట్ట బిగుసుకుంటుంది, మైక్ దాకా రాదు.

మైక్ మూతి పైకే ఉండాలా అని కూడా కొందరు అడుగుతుంటారు. అక్కర్లేదు. మామూలు కాలర్ మైక్‌లు దాదాపు అన్నీ ఓమ్నీ రకం, అన్నివైపుల నుంచీ ఒకేలా వింటాయి, తలకిందులుగా అంటించినా మాటలో పెద్ద తేడా రాదు, పైగా ముక్కులోంచి నోట్లోంచి కిందకి కొట్టే ఊపిరి నేరుగా తగలదు. డబ్బా మీద కార్డియాయిడ్ అని రాసున్న, అంటే ముందువైపు నుంచే ఎక్కువగా వినే మైక్ అయితే మాత్రం ఈ పద్ధతి వద్దు, అది గాలికి ఇంకా ఎక్కువ హోరెత్తుతుంది, బట్ట కింద పెడితే దాని పనితీరే దెబ్బతింటుంది.

ఏ బట్ట వేసుకున్నారనేది నిజంగా చాలా తేడా తెస్తుంది. వేసుకునే ముందు రెండు పనులు చేయండి. బట్టని చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలపండి, కిసకిసమని వినిపిస్తే ఆ చొక్కా పక్కన పెట్టండి, మెత్తటి కాటన్ అయితే దాదాపు ఏమీ వినిపించదు. తర్వాత బట్టని నోటికి ఆనించి ఊదండి. ఊపిరి అడ్డం లేకుండా అవతలికి పోతే గాలి కూడా అలాగే లోపలికొస్తుంది. అస్సలు పోకపోతే, ప్లాస్టిక్ పూత ఉన్న జాకెట్‌లాగా, గాలి ఆగుతుంది గానీ మాట కూడా దుప్పటి కప్పినట్టు వస్తుంది. కొంచెం బలంగా ఊదితే వెచ్చగా అవతలికి తగిలే బట్ట మీకు కావాల్సింది.

అసలు రికార్డింగ్‌కి ముందు అర నిమిషం టెస్ట్ చేయండి. మొదటి పది సెకన్లు ఏం మాట్లాడకుండా కదలకుండా నిలబడండి, తర్వాత పది సెకన్లు ప, బ, భ బాగా ఉన్న వాక్యాలు మాట్లాడండి, చివరి పది సెకన్లు చేతులు ఊపుతూ పక్కకి తిరగండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్‌లో వింటే హోరు సరిగ్గా తెలియదు, చిన్న స్పీకర్ ఆ లోతు సౌండ్‌ని పలికించలేదు. ఊరికే నిలబడ్డప్పుడు బుడబుడమంటే అది గాలి. ప, బ దగ్గర మాత్రమే టప్ అంటే ఊపిరి, మైక్‌ని ఇంకో మూడు వేళ్ళు కిందకి జరపండి. చేతులు ఊపినప్పుడే కరకరమంటే టేప్ ఊడింది, లేదా వైర్ చుట్ట వదులైంది. మూడిటికీ మందు వేర్వేరు కాబట్టి ఏది ఏదో ముందు తేల్చుకోండి.

గాలి ఇంకా వినిపిస్తుంటే మాట్లాడుతూ ఉన్నచోటే నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. ఎటు తిరిగినప్పుడు హోరు తగ్గిందో విని అటే నిలబడి, కెమెరాని దానికి తగ్గట్టు పెట్టుకోండి. ఎక్కువసార్లు గాలికి వీపు పెట్టినప్పుడో కాస్త ఏటవాలుగా నిలబడ్డప్పుడో తగ్గుతుంది.

యాప్‌లో గెయిన్, అంటే మైక్ సౌండ్‌ని ఎంత పెంచి రికార్డ్ చేయాలనేది, మార్చుకునే వీలుంటే, గట్టిగా మాట్లాడినప్పుడు మీటర్ -12 డీబీ దగ్గర ఆగేలా తగ్గించుకోండి. గాలి దెబ్బకి రికార్డింగ్ పైకప్పుకి కొట్టుకుందంటే, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే అలల తలలు కత్తిరించినట్టు చదునుగా కనిపిస్తాయి, అక్కడ మాట పాడైపోయినట్టే, ఆ ముక్క మళ్ళీ రికార్డ్ చేసుకోవడమే మంచిది.

అలా చదునవ్వకుండా కొంచెం హోరు మిగిలితే ఎడిటింగ్‌లో తగ్గుతుంది. ఆడాసిటీలో `High-Pass Filter` తీసుకుని `Frequency` 100, `Roll-off` 24 డీబీ పెట్టండి. గాలి హోరులో ఎక్కువ భాగం ఆ కింది స్వరాల్లోనే ఉంటుంది, మాట స్పష్టత పైన ఉంటుంది. గొంతు పీలగా అయిపోయిందనిపిస్తే 80కి దించండి. బట్ట కింద పెట్టడం వల్ల స, శ లాంటి అక్షరాల పదును కొంచెం తగ్గుతుంది, `Bass and Treble`లో `Treble` ఒక 3 లేదా 4 డీబీ పెంచితే చాలు. `Noise Reduction` మాత్రం గాలికి వాడకండి, అది ఫ్యాన్ లాంటి ఒకే తీరు సౌండ్‌కి పనికొస్తుంది, గాలి క్షణక్షణానికీ మారిపోతుంటుంది కాబట్టి హోరు అలాగే ఉండి గొంతు మాత్రం నీళ్ళలోంచి మాట్లాడినట్టు తయారవుతుంది.

వీటన్నిటికీ ఒక హద్దుంది. చొక్కానే పటపటా కొట్టుకునేంత గాలి ఉంటే ఆ కొట్టుకునే చప్పుడే మైక్‌లోకి వస్తుంది, అప్పుడు లోపల దాచి లాభం లేదు. అలాంటి రోజు మైక్‌ని బయటికి తీసి, ఫోమ్ మీద బొచ్చు కవర్ తొడిగి క్లిప్‌తో పెట్టుకోండి, ఆ పొడుగాటి బొచ్చు గాలిని ఫోమ్ కంటే చాలా బాగా విరగ్గొడుతుంది. వీడియోలో కనిపిస్తుంది, కానీ మాట వినిపిస్తుంది. అప్పటికీ తగ్గకపోతే గోడ చాటుకి వెళ్ళి తీయండి.

ఫోమ్‌ని కూడా అప్పుడప్పుడు చూసుకోండి. చెమటకో వానకో తడిసిందంటే రంధ్రాలు మూసుకుపోయి గొంతు మందంగా వస్తుంది, పిండి పూర్తిగా ఆరాకే మళ్ళీ తొడగండి. వేలితో నలిపితే పొడి రాలుతుంటే మార్చేయండి, ఆ పొడి మైక్ మూతిలోకి పోతే తీయడం కష్టం. కొత్తది కొనేటప్పుడు మీ మైక్ తల ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి దానికి బిగుతుగా పట్టేదే తీసుకోండి, వదులుగా ఉంటే చొక్కా లోపల జారిపోయి మళ్ళీ బట్ట మూతికి తగులుతుంది.