హిమానీనదం ‘వెనక్కి ప్రవహిస్తుందా’?

సందేహం: బడిలో పిల్లలు గోడపత్రిక రాశారు. ‘హిమానీనదాలు వెనక్కి ప్రవహిస్తున్నాయి, అందుకే నదులు ఎండిపోతున్నాయి. ధ్రువాల దగ్గర శాశ్వత మంచు కరిగి, అందులో దాగిన మీథేన్ బయటికి వస్తోంది’ అని ఉంది. పక్కన ఎండిన పెన్న బొమ్మ. వాక్యాలు తప్పని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. తప్పెక్కడుంది?
– ఒక ఉపాధ్యాయిని, ప్రొద్దుటూరు

సమాధానం: మొదటి తప్పు క్రియలోనే ఉందమ్మా. హిమానీనదం ఎప్పుడూ వాలు వెంట కిందికే జారుతుంది. ఎగువన పడిన మంచు ఏళ్ల తరబడి పేరుకొని, గట్టిపడి, తన బరువుకు తానే మెల్లగా దిగి వస్తుంది. దిగువ కొసన కరిగి నీరవుతుంది. పైనుంచి వచ్చే మంచు కంటే అక్కడ కరిగేది ఎక్కువైతే కొస ఎగువకు తగ్గుతుంది, మంచు మాత్రం కిందికి వస్తూనే ఉంటుంది. భాగీరథి పుట్టే గోముఖ్ అటువంటి కొసే. సుమారు 30 కిలోమీటర్ల పొడవైన గంగోత్రి హిమానీనదం అక్కడ ముగుస్తుంది. 1935 నుంచి చేసిన కొలతల్లో ఆ కొస బాగా ఎగువకు జరిగినట్టు తేలింది. కాబట్టి ‘హిమానీనదం కొస వెనక్కి తగ్గుతోంది’ అని రాయించండి.

‘అందుకే నదులు ఎండిపోతున్నాయి’ అనే చోట కాలక్రమం తారుమారైంది. మనకు అలవాటైన టీఎంసీల్లోనే లెక్క వేసి చూద్దాం. 10 చదరపు కిలోమీటర్ల హిమానీనదం ఉందనుకోండి. ఏడాదికి దాని మీద సగటున 2 మీటర్ల మందం నీరు కరిగి వస్తే 2 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు 0.7 టీఎంసీ. ఎండ ముదిరి 3 మీటర్లు కరిగితే 1 టీఎంసీ దాటుతుంది. అంటే తొలుత దిగువ ఏటికి నీళ్లు పెరుగుతాయి! ఏళ్లు గడిచి హిమానీనదం సగానికి, 5 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయాక, అదే 3 మీటర్లు కరిగినా వచ్చేది దాదాపు అర టీఎంసీ. ఇవి ఊహించి వేసిన అంకెలే గానీ, జరిగే తీరు ఇదే. ముందు పెరుగుదల, ఒక గరిష్ఠం, ఆ తర్వాత తరుగుదల. ఏ నది ఏ దశలో ఉందో చెప్పకుండా ‘ఎండిపోతోంది’ అనకూడదు. లోటు కూడా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు, వానలు లేని వేసవి నెలల్లోనే గట్టిగా తెలుస్తుంది.

ఇక బొమ్మ సంగతి. పెన్న పుట్టింది నంది కొండల్లో, తుంగభద్ర పడమటి కనుమల్లో. రెండింటి ఎగువనా హిమానీనదం లేదు. పెన్న ఎండితే వానను, ఆనకట్టలను, బోర్లను అడగాలి. ఆ బొమ్మ తీసేసి భాగీరథిదో సింధుదో పెట్టండి.

మూడో వాక్యంలో ‘శాశ్వత మంచు’ అనగానే పిల్లలకు తెల్లటి మంచు గడ్డ కళ్ల ముందు మెదులుతుంది. ఆ మాటకు ఇంగ్లిషు మూలమైన పెర్మాఫ్రాస్ట్ అంటే మంచు కాదు, నేల. వరుసగా రెండేళ్లైనా సున్నా డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా ఉన్న మట్టి గానీ రాయి గానీ ఆ పేరుకు తగుతుంది. అందులో మంచు బొత్తిగా లేకపోయినా ఫరవాలేదు. దాని పైపొర ఏటా వేసవిలో మెత్తబడి, చలికాలంలో మళ్లీ బిగుసుకుంటుంది. అది మామూలే. ఆ మెత్తదనం ఏటేటా లోతుకు దిగడమే ఇప్పటి చిక్కు. మంచు కరుగుతుంది సరే, నేల కరగదు కదా. ‘గడ్డకట్టిన నేల గడ్డ వీడుతోంది’ అంటే తెలుగూ నిలుస్తుంది, విషయమూ నిలుస్తుంది.

‘దాగిన మీథేన్’ అన్నదీ సగమే నిజం. కొన్నిచోట్ల పాత వాయువు చిక్కుకొని ఉన్నమాట వాస్తవమే. కానీ ఆ నేలలో ప్రధానంగా ఉన్నది కుళ్లకుండా మిగిలిపోయిన వేళ్లు, ఆకులు, నాచు. ఉత్తరాది గడ్డకట్టిన నేలల్లో దాదాపు 1,50,000 కోట్ల టన్నుల కర్బనం ఉందని అంచనా, వాతావరణంలో ఉన్నదానికి ఇది సుమారు రెండింతలు. నేల గడ్డ వీడాక సూక్ష్మజీవులు దాన్ని తినడం మొదలుపెడతాయి. గాలి ఆడే పొడి నేలైతే ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లోపలి మంచు కరిగి నేల కుంగి, ఆ గుంటలో నీళ్లు నిలిస్తే గాలి అందదు, అప్పుడు మీథేన్ పుడుతుంది. కేసీ కాలువ కింద నీళ్లు నిలిచిన వరిమడి బురదలో కాలు పెడితే బుడగలు లేస్తాయే, అక్కడ పనిచేసేదీ ఈ జాతి సూక్ష్మజీవులే. సైబీరియా, అలాస్కా చెరువుల్లో చలికాలపు మంచు పలక కింద ఇలాంటి బుడగలే తెల్లటి బిళ్లల్లా పేర్చినట్టు కనబడతాయి. పుట్టిందంతా పైకి రాదు. ఆక్సిజన్ ఉన్న నీటిని, మట్టిని దాటేలోగా కొంత మీథేన్‌ను వేరే సూక్ష్మజీవులు తినేస్తాయి. అందుకే ఎంత నేల గడ్డ వీడిందో చూసి అంత మీథేన్ వచ్చిందని లెక్క కట్టడం కుదరదు.

గోడపత్రికకు ఈ వాక్యం సరిపోతుంది: ‘ఏళ్ల తరబడి గడ్డకట్టిన నేల గడ్డ వీడి, నీళ్లు నిలిచిన చోట, అందులోని పాత ఆకులూ వేళ్లూ కుళ్లి మీథేన్ పుడుతోంది.’ దాని కింద ‘కార్బన్ డయాక్సైడ్ కంటే ఇన్ని రెట్లు వేడి’ అని కలపాలనుకుంటే కాలవ్యవధి తప్పక రాయించండి. వందేళ్ల లెక్కలో అది సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్ల దాకా ఉంటుంది.