కొత్త టీచరమ్మకు ఒక పీరియడ్ గురించి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

వచ్చే వారం ఐదో తరగతికి హారాలు వేరైన భిన్నాల కూడిక మొదలుపెడుతున్నానని, పాఠం ఎలా నడపాలో రాయమని అడిగావు. నీకున్నది 45 నిమిషాలు.

ఉన్ముఖీకరణకు ఐదు నిమిషాలు చాలు. బోర్డు మీద 1/2 + 1/3 = 2/5 అని రాసి ఒప్పో తప్పో అడుగు. చాలామంది ఒప్పే అంటారు. అప్పుడు ఒకే పొడవున్న రెండు కాగితం పట్టీలు చూపించు. ఒకదానిలో సగానికి, రెండోదానిలో ఐదింట రెండు భాగాలకు రంగు వేసి ఉంచు. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చిందని అడిగి, జవాబు చెప్పకుండా ఆగిపో. పాటతోనో కథతోనో మొదలుపెట్టే దానికన్నా ఇది మేలు. పిల్లల ఆలోచన నేరుగా పాఠం మీదికే వస్తుంది.

తర్వాత పది నిమిషాలు నువ్వు చెయ్యాలి, వాళ్లు చూడాలి. లెక్క ఒక్కటే. మనసులో అనుకునేది పైకి అంటూ చెయ్యి: "సగం ముక్క, మూడోవంతు ముక్క ఒకే సైజు కావు. అందుకని రెండింటినీ ఆరో వంతుల్లోకి మారుస్తాను. 1/2 అంటే 3/6, 1/3 అంటే 2/6. మొత్తం 5/6."

ఇక్కడే కొత్తవాళ్లు తొందరపడతారు. "అర్థమైందా?" అంటే తరగతంతా "అర్థమైందీ టీచర్" అంటుంది, వెంటనే నోటుపుస్తకాలు తీయమంటారు. ఆ కోరస్‌ని నమ్మకు. మీరంతా కలిసి చేసే అభ్యాసానికి కనీసం 15 నిమిషాలు ఉంచుకో. 1/4 + 1/3 ఇచ్చి, హారం 12 అని నువ్వే రాసి, లవాలు మాత్రం వాళ్లను పలకల మీద రాయమను. తర్వాతి లెక్కకు హారం కూడా వాళ్లనే కనుక్కోమను. మూడోది, 1/6 + 1/4, ఏ సాయం లేకుండా చేసి పలకలు పైకెత్తాలి.

మొదటి లెక్కకు వచ్చే జవాబులే లోపం ఎక్కడుందో చెబుతాయి. 2/7 రాసినవాడు ఇంకా పైనా కిందా కలిపేస్తున్నాడు, వాడికి మళ్లీ కాగితం పట్టీలు కావాలి. 2/12 రాసిన పిల్ల హారం మార్చి లవం వదిలేసింది. 7/24 వస్తే, అంతా సరిగ్గా చేసి చివర్లో హారాలు కూడేశారన్నమాట. మూడో లెక్కలో ఎవరైనా 10/24 రాస్తే తప్పనకు, అది 5/12తో సమానమే.

30 మందిలో 24 మందికైనా మూడోది సరిగా వస్తేనే సొంతంగా చేసే లెక్కలివ్వు. రాకపోతే ఆ రోజుకు అవి మానేసి, ఇంకో రెండు లెక్కలు కలిసి చేయండి. సగం వచ్చిన పద్ధతిని ఇంటికి పంపితే తప్పే అలవాటవుతుంది.

సొంతంగా చేసేవి నాలుగు చాలు, అన్నీ అదే రకం. మిశ్రమ భిన్నాలు రేపటికి ఉంచు. రానివాళ్లను నీ దగ్గర కూర్చోబెట్టుకో. బెల్ కొట్టేముందు అందరి దగ్గరా నాలుగో లెక్క చూడు, రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో దాన్నిబట్టి తేల్చుకో.

నీ పెదనాన్న