వయసు కాదు, పుట్టిన సంవత్సరం రాయండి

"నా నవల విజయవాడలో నడుస్తుంది. 2016 కృష్ణా పుష్కరాల్లో సుభద్రకు పన్నెండేళ్లు. తర్వాతి అధ్యాయంలో, 2019లో, డిగ్రీ చదువుతోంది! ఇలాంటివి ఎలా పట్టుకోవాలి?"

పాత్రల పట్టికలో వయసు బదులు పుట్టిన సంవత్సరం రాయండి. సుభద్రకు 2004, అంటే అంతకుముందు పుష్కరాలు వచ్చిన ఏడాది. కాలక్రమంలో ప్రతి సంఘటనకూ సంవత్సరం, నెల, పక్కన ఆమె వయసు వేయండి. 2019 దగ్గర పదిహేను కనిపిస్తే పదో తరగతి ఈడని తెలిసిపోతుంది. డిగ్రీయే కావాలంటే ఆ అధ్యాయాన్ని 2022కి జరపండి, మిగతావాళ్ల వయసులూ సరిచూడండి.

ప్రతి వివరం పక్కన అధ్యాయం సంఖ్యతో పాటు, అది ఎవరు చెప్పారో కూడా రాయండి. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వన్‌టౌన్ ఇల్లు అమ్మేశామని మామయ్య అంటే అది అబద్ధమైనా కావచ్చు. కథకుడే అంటే మాత్రం, తర్వాత ఆ ఇంట్లో ఎవరినీ కాపురం పెట్టించలేరు.