ఘన గోళం ముందు రావాలి, స్ట్రైకర్ గెలిచింది: తేడా ఎక్కడ?

ప్రశ్న: మాది ఒంగోలు. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. రెండు మీటర్ల ప్లైవుడ్ పలకకి ఒక చివర మూడు ఇటుకలు పెట్టి టెన్నిస్ బంతి, క్యారమ్ స్ట్రైకర్, చేతి గాజు ఒకేసారి వదిలింది. పుస్తకంలో గోళం, డిస్క్, వలయం అని వరస ఉంది. మాకు ప్రతిసారీ స్ట్రైకరే ఫస్ట్, బంతి బెత్తెడు వెనక, గాజు ఆఖరు. తప్పు పుస్తకానిదా, మాదా?

జవాబు: రెండూ కాదండీ, తప్పు బంతిది. పుస్తకం చెప్పింది ఘన గోళం గురించి. టెన్నిస్ బంతి లోపల డొల్ల.

పైనుంచి దిగేటప్పుడు ప్రతి వస్తువుకీ ఒక రూపాయి శక్తి దొరుకుతుందనుకోండి. అందులో కొంత ముందుకు కదలడానికి, మిగిలింది తన చుట్టూ తను తిరగడానికి పోతుంది. ద్రవ్యరాశి ఇరుసుకి ఎంత దూరంగా ఉంటే తిరుగుడు అంత ఎక్కువ పైసలు తినేస్తుంది. ఘన గోళంలో తిరుగుడికి 29 పైసలు పోతే చాలు, డిస్క్‌లో 33 పోతాయి. వలయంలో సరుకంతా అంచునే ఉంటుంది కాబట్టి సగానికి సగం, 50 పైసలు. లెక్కలో ఇలా ఉంటుంది:

I = βMR²,  a = g sinθ / (1 + β)

ఇందులో I జడత్వ భ్రామకం, M ద్రవ్యరాశి, R వ్యాసార్ధం, a దిగే త్వరణం, θ పలక వాలు కోణం, β ఆకారాన్ని బట్టి వచ్చే అంకె. β విలువ ఘన గోళానికి 2/5, డిస్క్‌కి 1/2, వలయానికి 1. బరువు, వ్యాసార్ధం రెండూ కొట్టుకుపోయాయి చూడండి. అందుకే గోలీకాయైనా పెద్ద ఇనప గుండైనా, ఘనంగా ఉంటే రెండూ కలిసే దిగాలి. ఆకారం ఒక్కటే మిగులుతుంది.

ఇప్పుడు మీ బంతి. పల్చటి డొల్ల గోళానికి β 2/3. టెన్నిస్ బంతి గోడ కాస్త మందం కనక అంతకంటే తక్కువ ఉంటుంది గానీ 1/2 మాత్రం దాటుతుంది. ఉదాహరణకి 0.56 అనుకుంటే, స్ట్రైకర్ 2 మీటర్లు దిగేసరికి బంతి 2 × 1.5/1.56, అంటే 1.92 మీటర్ల దగ్గర ఉంటుంది. 8 సెం.మీ. వెనక. మీరన్న బెత్తెడు అదే! పైగా దాని మీది నూగు కూడా కొంచెం పట్టి లాగుతుంది.

దాని బదులు ఆటవస్తువుల షాపులో దొరికే కార్క్ బాల్ పెట్టండి, అది లోపలంతా నిండుగా ఉంటుంది. స్ట్రైకర్ అంచు మీద దొర్లుతూ పక్కకి తిరిగిపోతుంటే రూళ్లకర్ర ముక్క వాడండి. నిండు స్తంభానికి కూడా β 1/2నే, పొడవుతో పనిలేదు, తిన్నగా పోతుంది. గాజుకి బదులు 110 మి.మీ. పీవీసీ పైపు నుంచి 5 సెం.మీ. ముక్క కోయించుకోండి. పైపుకి మందం ఉంటుంది కాబట్టి β సరిగ్గా 1 కాకుండా 0.95 దగ్గర ఉంటుంది, వరస మాత్రం మారదు.

ఎత్తు 20 సెం.మీ. అయితే sinθ = 0.1. ఘన గోళం 2.39 సెకన్లలో, డిస్క్ 2.47లో, అసలు వలయం 2.86లో దిగుతాయి. మొదటి రెంటికీ తేడా 0.08 సెకను. స్టాప్‌వాచ్ నొక్కే వేలి తప్పే అంతకంటే ఎక్కువుంటుంది, కాబట్టి టైము జోలికి పోకుండా దూరం చూడండి. బంతి గీత దాటిన క్షణాన డిస్క్ 13 సెం.మీ., వలయం 60 సెం.మీ. వెనక ఉండాలి. ఫోన్‌తో పక్కనుంచి వీడియో తీసి ఆ ఫ్రేము దగ్గర ఆపితే స్పష్టంగా కనపడుతుంది.

వదిలేటప్పుడు మూడింటి ముందు అంచులూ ఒకే అట్టకి ఆనాలి. ఆ అట్టని కిందివైపుకి చప్పున లాగేయాలి. కింద కూడా ముందు అంచే గీత. మధ్య బిందువులు కలిపి పెట్టి ముందు అంచుతో గెలుపు తేలిస్తే, పెద్ద వస్తువుకి ఊరికే లాభం వస్తుంది.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటుంది. బంతి పక్కకి పోకుండా రెండు రీపర్ల మధ్య సందులో దొర్లిస్తారు. 7 సెం.మీ. బంతిని 4 సెం.మీ. సందులో పెడితే అది ఆనే చోటు ఇరుసుకి దగ్గరవుతుంది, అదే దూరం పోవడానికి ఎక్కువ చుట్లు తిరగాలి. లెక్కలో β 0.4 × 49/33, అంటే 0.59. ఘన గోళమే, అయినా డిస్క్ చేతిలో ఓడుతుంది. కాబట్టి చదునైన పలకే వాడండి. చీమకుర్తి గ్రానైట్ నున్నటి ముక్క దొరికితే ఇంకా మంచిది.

నున్నగా ఉంటే జారిపోదా అంటే, ఈ వాలుకి భయం లేదు. వలయం జారకుండా దొర్లాలంటే tanθ విలువ 2μ దాటకూడదు, μ అంటే ఘర్షణ గుణకం. ఇక్కడ μ 0.06 ఉన్నా సరిపోతుంది. పలకని బాగా నిటారుగా ఎత్తితే మాత్రం ముందు జారేది వలయమే, డిస్క్‌కి హద్దు 3μ, ఘన గోళానికి 3.5μ. ఇక ఘర్షణ బొత్తిగా లేదని పరీక్షలో ఇస్తే ఏదీ తిరగదు, మూడూ కలిసే దిగుతాయి. ప్రశ్నలో ‘జారకుండా దొర్లుతున్నది’ అన్న మాట ఉందో లేదో చూసుకున్నాకే అమ్మాయిని వరస రాయమనండి.