గోదాములో ఆగిన పార్శిల్, చేతికి రాని రిఫండు: బ్రిటన్‌లో గడువును ఏ రోజు నుంచి లెక్కించాలి

బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన మన పిల్లలు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటి ఉంది. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు నచ్చక తిరిగి పంపించారు, అది అమ్మకందారు గోదాముకు చేరినట్టు ట్రాకింగ్‌లో కనిపిస్తోంది, అయినా మూడు వారాలుగా డబ్బు రాలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ "గోదాములో ఇంకా తనిఖీ పూర్తి కాలేదు, అయ్యాక పంపిస్తాం" అన్న సమాధానమే వస్తోంది. ఆ తనిఖీ ఎప్పుడు పూర్తయితే అప్పుడే తమకు డబ్బు అడిగే హక్కు పుడుతుందని మనవాళ్లు అనుకుంటారు. అది పొరపాటు. ఈ దేశపు చట్టం మీ రిఫండుకు గడువును గోదాములో జరిగే తనిఖీతో ముడిపెట్టలేదు.

వినియోగదారుల ఒప్పందాల నిబంధనలు, 2013 అనే చట్టం ప్రకారం, ఆన్‌లైన్‌లో గానీ ఫోన్ ద్వారా గానీ కొన్న వస్తువు మీ చేతికి అందిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల లోపు, కారణం చెప్పకుండానే, కొనుగోలును రద్దు చేసుకోవచ్చు. రద్దు చేస్తున్నట్టు తెలియజేసిన తరువాత వస్తువును తిరిగి పంపడానికి మరో 14 రోజులు ఉంటాయి. వస్తువు తిరిగి తమకు చేరిన 14 రోజుల లోపు అమ్మకందారు డబ్బు చెల్లించాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది దాని పక్కనే ఉన్న చిన్న మాట: వస్తువు చేరిన రోజు, లేదా దాన్ని పంపించినట్టు మీరు రుజువు అందజేసిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే దాని నుంచి ఆ 14 రోజులు మొదలవుతాయి. అంటే పోస్టాఫీసు రసీదును ఫోటో తీసి ఆ రోజే అమ్మకందారుకు ఈమెయిల్ చేస్తే, పార్శిల్ ఇంకా లారీలో ఉండగానే గడియారం నడవడం మొదలుపెడుతుంది. రసీదును మీ జేబులోనే ఉంచుకుంటే ఆ ప్రయోజనం మీకు దక్కదు. పంపించడం వేరు, పంపించినట్టు వారికి చూపించడం వేరు. వస్తువును తామే వచ్చి తీసుకెళ్తామని అమ్మకందారు చెప్పి ఉంటే, మీరు రద్దు తెలియజేసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది.

ఇక్కడ మాటల ఎంపిక విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మొదటి 14 రోజుల్లో ఉన్నప్పుడు "వస్తువులో లోపం ఉంది" అని రాయడం కంటే "ఈ కొనుగోలును రద్దు చేసుకుంటున్నాను" అని రాయడం చాలాసార్లు మేలు. లోపం అని రాస్తే వ్యవహారం వినియోగదారుల హక్కుల చట్టం, 2015 కిందికి వెళ్తుంది. దాని ప్రకారం అమ్మకందారు మీకు రిఫండు ఇవ్వాల్సిందేనని ఒప్పుకున్న రోజు నుంచి 14 రోజులు లెక్కిస్తారు, కాబట్టి ఒప్పుకోవడానికి ముందు పరిశీలించాలని వారు అనడానికి చోటు దొరుకుతుంది. నిజంగానే లోపం ఉండి, తిరిగి పంపే ఖర్చు కూడా వారే భరించాలని మీరు కోరుకుంటే ఆ దారి సరైనదే, కానీ దాని వల్ల జాప్యం జరగవచ్చని తెలిసి ఎంచుకోవాలి. వస్తువు నచ్చలేదన్న రద్దులో తిరిగి పంపే ఖర్చు సాధారణంగా మీదే. మొదట మీ దగ్గర తీసుకున్న మామూలు డెలివరీ రుసుమును మాత్రం వారు వస్తువు ధరతో పాటు తిరిగి ఇవ్వాలి.

గత అక్టోబరులో మా మేనల్లుడికి జరిగిన సంగతి చెబితే ఇదంతా ఎలా పనిచేస్తుందో స్పష్టమవుతుంది. అతను లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. 649 పౌండ్లు పెట్టి, డెబిట్ కార్డుతో, ఒక లాప్‌టాప్ కొన్నాడు. అది అక్టోబరు 3న అందింది. తెర మసకగా ఉందనిపించి 9న రద్దు చేస్తున్నట్టు ఈమెయిల్ పంపాడు. పంపే ముందు నాకు ఫోన్ చేస్తే మూడు పనులు చేయమన్నాను: లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరును ఫోటో తీయమన్నాను, పెట్టెలో సర్ది టేపు వేసేదాకా ఒకే వీడియోగా తీయమన్నాను, పోస్టాఫీసు కౌంటరులో స్వయంగా తూకం వేయించి, వస్తువు ధరకు సరిపడా పరిహారం వచ్చే సేవలో పంపి, రసీదు తీసుకోమన్నాను. 11వ తేదీన పంపాడు. రసీదు మీద ట్రాకింగ్ నంబరుతో పాటు బరువు 2.6 కిలోలని ముద్రించి ఉంది. ఆ రసీదు ఫోటోను అదే సాయంత్రం అమ్మకందారుకు ఈమెయిల్ చేశాడు. అంటే చట్టప్రకారం డబ్బు అక్టోబరు 25 లోపు రావాలి. 14వ తేదీన గోదాములో ఎవరో సంతకం చేసి పార్శిల్ తీసుకున్నట్టు ట్రాకింగ్ చూపించింది.

తరువాత జరిగినది మీలో చాలామందికి అనుభవంలో ఉన్నదే. అమ్మకందారు వెబ్‌సైటులో మాత్రం "దారిలో ఉంది" అనే కనిపిస్తూ వచ్చింది. దీనికి కారణం ఉంది. పెద్ద గోదాముల్లో తిరిగి వచ్చే పార్శిళ్లు బోనుల్లోనూ పలకల మీదా గుట్టలుగా దిగుతాయి, లారీ డ్రైవరుకు ఒక సంతకం పెడతారు, ఒక్కొక్క పెట్టెను విప్పి తమ కంప్యూటరులోకి ఎక్కించేది మాత్రం రోజులో వారాలో గడిచాక. ఆ రెండో పని జరిగేదాకా వారి సహాయ విభాగంలో కూర్చున్న అమ్మాయికి మీ పార్శిల్ కనిపించదు. ఆమె అబద్ధం చెప్పడం లేదు, కాబట్టి ఆమెతో వాదించి ఉపయోగం లేదు. అయితే గోదాములో వారి పని వెనకబడటం వారి ఇంటి వ్యవహారం, దాని భారాన్ని మీరు మోయాల్సిన అవసరం లేదు. చాట్‌లో మా వాడికి "తనిఖీకి 30 పనిదినాలు పట్టవచ్చు" అన్న సమాధానం వచ్చింది. ఆ చాట్‌ను స్క్రీన్‌షాట్ తీసి దాచమన్నాను. తనిఖీ పేరుతోనే డబ్బు ఆపారనడానికి ఆ మాటే ఆధారంగా నిలుస్తుంది. మధ్యలో 10 పౌండ్లు అదనంగా కలిపి గిఫ్ట్ వోచరు ఇస్తామన్నారు. చెల్లించిన పద్ధతిలోనే డబ్బు తిరిగి రావాలన్నది నిబంధన, మీరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప. మొహమాటానికి సరేనంటే హక్కు పోతుంది, అందుకని వద్దన్నాడు.

26వ తేదీ ఉదయం అతను ఫిర్యాదు ఈమెయిల్ పంపాడు. దాన్ని మేమిద్దరం కూర్చుని రాశాం, ఆరే ఆరు వాక్యాలు. ఆర్డరు నంబరు, వస్తువు అందిన తేదీ, రద్దు చేసిన తేదీ, పంపిన తేదీ, రసీదు అందజేసిన తేదీ ఒకే వాక్యంలో. 2013 నిబంధనల్లోని 34వ నిబంధన ప్రకారం చెల్లింపు గడువు అక్టోబరు 25తో ముగిసిందని రెండో వాక్యం. గోదాములో తనిఖీ ఆలస్యం కావడం ఆ గడువును పొడిగించదని మూడోది. 649 పౌండ్లను ఏడు రోజుల్లో అసలు కార్డులోకే పంపాలని నాలుగోది. రాకపోతే బ్యాంకు ద్వారా వసూలు కోరతాననీ, అవసరమైతే కోర్టులో దావా వేస్తాననీ చివరి రెండు. ఎంత బాధపడ్డామో, చదువుకు ఎంత ఇబ్బంది అయిందో రాయడానికి మా వాడి చేయి లాగింది గానీ నేను వద్దన్నాను. చదివేవారు నిర్ణయం తీసుకోవడానికి తేదీలు చాలు.

నవంబరు 3 దాకా సమాధానం లేకపోవడంతో బ్యాంకుకు వెళ్లాం. డెబిట్ కార్డుతో చెల్లించినప్పుడు ఉపయోగపడేది ఛార్జ్‌బ్యాక్, అంటే అమ్మకందారుకు చేరిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం. ఇది చట్టం ఇచ్చిన హక్కు కాదు, వీసా, మాస్టర్‌కార్డు వంటి కార్డు సంస్థల నియమావళి, దీనికి సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. బ్యాంకుకు చెప్పేటప్పుడు "వస్తువు తిరిగి ఇచ్చాను, డబ్బు వేయలేదు" అన్న కోవలో నమోదు చేయమని అడగాలి. "మోసం జరిగింది" అన్న బటన్ నొక్కితే కార్డును రద్దు చేసి, విషయాన్ని వేరే విభాగానికి పంపుతారు, వారాలు వృథా అవుతాయి. క్రెడిట్ కార్డు వాడి ఉంటే, వస్తువు ధర 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల లోపు ఉన్నప్పుడు, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలోని సెక్షన్ 75 కూడా ఉంది. ఒప్పందం ఉల్లంఘన జరిగితే కార్డు సంస్థ కూడా అమ్మకందారుతో సమానంగా బాధ్యత వహించాలని అది చెబుతుంది. విలువైన వస్తువులను క్రెడిట్ కార్డుతో కొనమని నేను కొత్తవారికి చెప్పేది ఇందుకే.

బ్యాంకు మా మేనల్లుడి ఖాతాలో డబ్బును తాత్కాలికంగా జమ చేసి అమ్మకందారును అడిగింది. అప్పుడు వారికి పార్శిల్ హఠాత్తుగా కనిపించింది. కానీ పెట్టెలో ఉన్నది వేరే లాప్‌టాప్ అని, సీరియల్ నంబరు సరిపోలేదని రాశారు. సీరియల్ నంబరు ఫోటో, సర్దిన వీడియో, 2.6 కిలోల రసీదు మూడూ పంపాం. గోదాములో మరొకరి పెట్టెతో కలిసిపోయిందని తొమ్మిదో రోజున ఒప్పుకున్నారు. ఆ మూడు ఆధారాల్లో ఏది లేకపోయినా వాదన ఒకరి మాట మీద ఒకరి మాటగా మిగిలిపోయేది.

బ్యాంకు కూడా మీ మాట కొట్టేస్తే రెండు దారులు మిగులుతాయి. బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఎనిమిది వారాల్లో తుది సమాధానం రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులను పరిష్కరించే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరకు ఉచితంగా వెళ్లవచ్చు. రెండోది అమ్మకందారు మీద నేరుగా కోర్టు దావా. ఇంగ్లండు, వేల్స్‌లలో ఇలాంటి చిన్న దావాను ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, 649 పౌండ్ల దావాకు కోర్టు రుసుము 70 పౌండ్లు, గెలిస్తే అదీ అమ్మకందారే ఇవ్వాలి. ఏడాదికి 8 శాతం వడ్డీ కూడా అడగవచ్చు, ఈ మొత్తానికి అది రోజుకు సుమారు 14 పెన్నీలు. స్కాట్లాండు, ఉత్తర ఐర్లాండులలో కోర్టు పద్ధతి వేరు, హక్కు మాత్రం అదే. దావాకు ముందు 14 రోజుల గడువుతో చివరి లేఖ పంపాలి. ఆ లేఖను వెబ్‌సైటు మీద కనిపించే దుకాణం పేరుకు కాకుండా, కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ రిజిస్టరులో ఉన్న అసలు కంపెనీ పేరుకు, దాని నమోదిత చిరునామాకు పంపండి. పెద్ద మార్కెట్ వెబ్‌సైటులో మరో అమ్మకందారు దగ్గర కొని ఉంటే ఒప్పందం ఆ అమ్మకందారుతోనే, కాబట్టి దావా వేయాల్సింది వారి మీద. తప్పు పేరు మీద గెలిచిన తీర్పుతో డబ్బు వసూలు చేయడం చాలా కష్టం.

మా మేనల్లుడికి ఇంత దూరం వెళ్లాల్సి రాలేదు. అమ్మకందారు తమ వైపు నుంచి 649 పౌండ్లు పంపారు, దాంతో ఆ మొత్తం రెండుసార్లు జమ అయింది. అతను అదే రోజు బ్యాంకుకు ఫోన్ చేసి తాత్కాలికంగా వేసిన మొత్తాన్ని వెనక్కి తీసుకోమన్నాడు.