సంతాప సందేశంలో శ్లోకం పెట్టనా అని అడిగావు కదా

చిన్నా,

మీ ఆఫీసాయన తండ్రి పోయారని, మెసేజ్ చివర గీతా శ్లోకం పెట్టాలనుందని, కానీ ఆయన ఏం నమ్ముతాడో తెలియదని రాశావు. ముందు ఆ శ్లోకం ఏమంటుందో చూడు.

"జాతస్య హి ధ్రువో మృత్యుః", అంటే పుట్టినవాడికి చావు తప్పదు అంటూ, రెండో అధ్యాయం 27వ శ్లోకాన్ని చాలామంది మొదటి పాదంతోనే ఆపేస్తారు. చివరి పాదం "న త్వం శోచితుమర్హసి", అంటే నువ్వు శోకించడం తగదని. యుద్ధం మొదలుకాకముందు, విల్లు పడేసి కూర్చున్న అర్జునుడికి చెప్పిన మాట అది. ఒకసారి నేను కొడుకును పోగొట్టుకున్న స్నేహితుడికి ఇదే రాశాను. వాడు రోజూ గీత చదివేవాడే. చాన్నాళ్ల తర్వాత ఏదో మాటల్లో, "అప్పుడు నన్ను ఏడవొద్దన్నావు కదరా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

అందుకే ఏ వాక్యమైనా ఎవరి గురించి మాట్లాడుతోందో చూస్తాను. పోయినవాళ్లు ఎక్కడికెళ్లారో, దేవుడు ఎందుకు తీసుకెళ్లాడో చెప్పేది అయితే, చదివేవాళ్లకూ ఆ నమ్మకం ఉండాలి. బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం 15వ వచనంలో "ఏడ్చువారితో ఏడువుడి" అని ఉంది. అది ఏడ్చేవాళ్లకు కాదు, పక్కనున్న మనకు చెప్పిన పని. అలాంటిదాన్ని రాసి పంపడంకన్నా పాటించడం మేలు.

సామెతల్లో దేవుడి పేరుండదు కాబట్టి ఇబ్బంది లేదనుకోకు. "పుట్టినవాడు గిట్టక మానడు" అన్నా, ఇందులో ఏడవడానికేముంది అన్నట్టే వినిపిస్తుంది. "ఆత్మకు శాంతి" కూడా అంతే, ఆత్మ ఉందని నమ్మేవాళ్ల మాట. అలవాటైపోయి మనకది కనిపించదు.

కబురులో "ప్రభువునందు నిద్రించారు" అనో "శివైక్యం చెందారు" అనో ఉంటే కొంత ఆధారం దొరుకుతుంది. అయితే దాన్ని రాసింది ఏ బాబాయో కావచ్చు. ఇంటివాళ్ల మతం తెలుస్తుందేమో గానీ, మీ ఆఫీసాయన మనసు తెలియదు.

నేనైతే ఇలా రాస్తాను: "నాన్నగారి వార్త విన్నాను. చాలా బాధగా ఉంది. రోజూ మధ్యాహ్నం మీరు ఆయనకు ఫోన్ చేసి తిన్నారా అని అడిగేవారు, అదే గుర్తొస్తోంది. ఈ వారం మీ పని నేను చూసుకుంటాను. దీనికి జవాబు రాయక్కర్లేదు."

శ్లోకం పెట్టకపోతే మనసొప్పదంటావా, దీని కింద విడిగా "మా అమ్మ పోయినప్పుడు నాకు ఆసరాగా నిలిచిన మాట" అని చెప్పి రాయి. అది నిజంగా నీకు ఆసరా అయి ఉండాలి సుమా. అలా రాస్తే అది నీ అనుభవం అవుతుంది, ఆయనకు నచ్చకపోతే దాటేస్తాడు. ఫార్వర్డ్‌లో వచ్చిన బొమ్మ మాత్రం పంపకు.

మీ పెద్దమామయ్య